ఆందోళనకు ఆరు వారాల పాఠం: పోలిక దేనితో?

సీబీటీ అని పిలుచుకునే ఆలోచన, ప్రవర్తనల చికిత్స పిల్లల్లో ఆందోళనను తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు ఆసుపత్రుల్లో జవాబు దొరికి చాలాకాలమైంది. అమెరికాలో 488 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పన్నెండు వారాల్లో పద్నాలుగు సార్లు కూర్చుని ఈ చికిత్స పొందినవాళ్లలో నూటికి అరవై మంది స్పష్టంగా కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో కోలుకున్నది నూటికి 24 మంది. మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇదే పని చేద్దామంటే ప్రశ్న మారిపోతుంది. అక్కడ పద్నాలుగు సార్లు కూర్చోబెట్టే వీలు లేదు, దొరికితే ఆరు పీరియడ్లు దొరుకుతాయి. క్లినికల్ సైకాలజిస్టు ఉండరు, శిక్షణ పొందిన డిగ్రీ చదివిన యువతో యువకుడో ఉంటారు. తల్లిదండ్రులు కంగారుపడి వైద్యుడి దగ్గరికి తెచ్చిన పిల్లలు కారు వీళ్లు. తమకు ఆందోళన ఉందన్న సంగతి కూడా ఎవరికీ చెప్పుకోని పిల్లలు. ఆరు పీరియడ్ల సంక్షిప్త సీబీటీ వీళ్లకు పనికొస్తుందో లేదో యాదృచ్ఛిక పరీక్ష పెట్టి తేల్చాలంటే, ప్రణాళికలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది చికిత్స పాఠాలు కాదు, పోలిక. చికిత్స పొందని రెండో గుంపుకు ఏమిస్తాం? ఆ ఒక్క నిర్ణయం మీదే మిగతా లెక్కలన్నీ ఆధారపడతాయి.

చాలా పరీక్షలు ఇక్కడ తేలిక దారి పట్టాయి. ఒక గుంపుకు చికిత్స ఇచ్చి, రెండో గుంపును 'మీ వంతు తర్వాత వస్తుంది' అని ఆపి ఉంచారు. పిల్లల ఆందోళనకు సీబీటీపై జరిగిన పరీక్షలన్నిటినీ 2020లో కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. వంతు కోసం ఎదురుచూసిన పిల్లలతో పోలిస్తే లాభం పెద్దదిగానే కనిపించింది. చికిత్స పొందినవాళ్లలో దాదాపు సగం మంది, ఎదురుచూసినవాళ్లలో ఆరింట ఒక వంతుకు కాస్త ఎక్కువ మంది తమ ప్రధాన ఆందోళన రుగ్మత నుంచి బయటపడ్డారు. మామూలుగా అందే ఇతర సేవలతోనో, వేరే చికిత్సలతోనో పోల్చినప్పుడు మాత్రం సీబీటీదే పైచేయి అనడానికి ఆధారం పెద్దగా దొరకలేదు. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. వారానికోసారి ఒక పెద్దమనిషి వచ్చి, పేరు పెట్టి పిలిచి, చెప్పింది ఓపికగా వినడమే ఆ పిల్లల్లో చాలామందికి కొత్త. మార్పు అంతా దాని వల్లే వచ్చిందేమో అన్న అనుమానాన్ని 'వంతు తర్వాత' అన్న పోలిక ఎప్పటికీ తీర్చలేదు.

అందుకే రెండో గుంపుకు కూడా అంతే సేపు, అదే రకం మనిషి, అదే సంఖ్యలో పిల్లలతో ఏదో ఒక ఉపయోగకరమైన పని చేయించాలి. దీనికి మంచి నమూనా కెన్యా నుంచి వచ్చింది. షమీరీ అనే కార్యక్రమాన్ని అక్కడ 413 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. నడిపించినది అప్పుడే బడి చదువు ముగించుకున్న యువతీయువకులు. చికిత్స గుంపుకు నాలుగు వారాల పాఠాలు, పోలిక గుంపుకు అన్నే వారాలు చదువుకునే మెళకువలు నేర్పారు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగయ్యారు, చికిత్స గుంపు మరికొంత ఎక్కువ మెరుగైంది. షమీరీ సీబీటీ కాదు, ఎదుగుదల మీద నమ్మకం, కృతజ్ఞత, విలువలు అన్న మూడు అంశాల చుట్టూ అల్లినది. మనకు కావలసినది దాని పాఠ్యం కాదు, దాని పోలిక పద్ధతి. పోలిక గుంపు పిల్లలకూ నోట్సు ఎలా రాసుకోవాలి, పునశ్చరణ ఎలా చేసుకోవాలి అన్నవి దక్కుతాయి. ఏ తల్లీ 'మా పిల్లకు ఏమీ ఇవ్వలేదు' అనుకోవలసిన అవసరం రాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. చదువు మెళకువలే పరీక్షల భయాన్ని తగ్గిస్తే, రెండు గుంపుల మధ్య తేడా కుంచించుకుపోయి, నిజంగా పనిచేసే చికిత్స కూడా పనిచేయనట్టు కనబడదా? కుంచించుకుపోతుంది, నిజమే. కానీ అప్పుడు మనకు తెలిసేది కూడా విలువైన సంగతే. చదువు మెళకువలు నేర్పడం వల్ల అంతే మేలు జరుగుతుంటే, ఖర్చు తక్కువ, పిల్ల మీద ముద్ర పడే భయమూ లేని ఆ దారినే జిల్లా విద్యాశాఖ పట్టవచ్చు. కుంచించుకుపోయే తేడాను పట్టుకోవాలంటే పరీక్ష పెద్దదిగా ఉండాలి. ఆ ఖర్చును ముందే ఒప్పుకోవాలి.

ఎంత పెద్దదిగా? రెండు గుంపుల సగటుల మధ్య తేడా ప్రామాణిక విచలనంలో 0.3 వంతు ఉంటుందని అనుకుందాం. ఇది చిన్న తేడాయే, చురుకైన పోలికతో ఇంతకు మించి ఆశించడం అత్యాశ. అంత తేడా నిజంగా ఉంటే, నూటికి ఎనభై సార్లు దాన్ని పట్టుకోగల పరీక్షకు గుంపుకు 175 మంది చొప్పున 350 మంది కావాలి. లెక్క ఇక్కడితో ఆగదు. మేడ్చల్ బడికి చికిత్స, శామీర్‌పేట బడికి పోలిక అన్నట్టు బడులకు బడులనే లాటరీ వేస్తే, ఒకే బడి పిల్లలు ఒకరికొకరు కొంత పోలి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి నుంచి వచ్చే కొత్త సమాచారం తగ్గుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి 1+(m−1)×ρ అనే గుణకంతో సంఖ్యను పెంచాలి. ఇక్కడ m అంటే బడికి ఎంతమంది, ρ అంటే ఒకే బడి పిల్లల మధ్య సారూప్యం. బడికి 25 మంది, సారూప్యం 0.03 అనుకుంటే గుణకం 1.72, పిల్లల సంఖ్య 602. మధ్యలో నూటికి పదిహేను మంది జారిపోతారనుకుంటే 708. అంటే ఇరవై ఐదు, ఇరవై ఆరు బడులు కావాలి, ఒక్కో బడిలో ఆందోళన బాగా ఉన్న ముప్పై మంది పిల్లలు దొరకాలి. రెండు మండలాల్లో అన్ని పెద్ద ఉన్నత పాఠశాలలు దొరకడం చాలా కష్టం.

కాబట్టి ప్రతి బడిలోనూ పిల్లలకు విడివిడిగా లాటరీ వేయడమే సరైనది. అలా చేసినా గుంపుల సమస్య పూర్తిగా పోదని చాలామంది మరచిపోతారు. ఎనిమిది మంది చొప్పున కూర్చోబెట్టి పాఠం చెబితే, ఆ ఎనిమిది మంది ఒకే కౌన్సిలర్ చేతిలో, ఒకరి మాటలు ఒకరు వింటూ మారతారు. వాళ్ల మధ్య సారూప్యాన్ని 0.05 అనుకుంటే గుణకం 1.35. మన 350 మంది 472 అవుతారు, జారిపోయేవాళ్లను కలుపుకుంటే సుమారు 560 మంది. బడులకు లాటరీ వేయడం కన్నా ఇది నూటయాభై మంది తక్కువ, పైగా ఒక్కో బడిలో ముప్పై మంది దొరికి తీరాలన్న షరతు ఉండదు.

'చికిత్స గుంపులో నేర్చుకున్నది పక్క బెంచీ పిల్లకు చెప్పేయరా, తేడా చెరిగిపోదా?' అని విడివిడి లాటరీని కాదనేవాళ్లు అడుగుతారు. కొంత చెబుతారు. అయితే ఏది పాకుతుంది, ఏది పాకదు అన్నది చూడాలి. ఊపిరి నిదానంగా పీల్చుకోవడం ఇంటర్వెల్‌లో నేర్పేయవచ్చు. సంక్షిప్త సీబీటీలో అసలు మందు అది కాదు. భయపడే పనిని మెట్టు మెట్టుగా చేసి చూడడమే అసలు మందు, అది ఒకరు చెబితే ఇంకొకరికి వచ్చేది కాదు.

ఇది అర్థం కావడానికి ఒక ఊహాజనితమైన పిల్లను తీసుకుందాం. తొమ్మిదో తరగతి అమ్మాయి. తరగతిలో లేచి చదవమంటే గుండె దడదడలాడుతుంది. హిందీ పీరియడ్ ఉన్న రోజున పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. టీచర్ ప్రశ్న అడగబోతే పుస్తకంలోకి తల దించేస్తుంది, లేదా బాత్రూమ్‌కు వెళ్తానని లేస్తుంది. మొదటి రెండు వారాల్లో కౌన్సిలర్ ఈ గొలుసును ఆ పిల్లతోనే గీయిస్తారు. ఏం జరుగుతుందని అనుకుంటున్నావు, ఒంట్లో ఏమవుతోంది, అప్పుడు ఏం చేస్తున్నావు, అది చేశాక ఏమవుతోంది అని అడుగుతూ పోతారు. తల దించుకుంటే అప్పటికి ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మర్నాటి భయాన్ని పెంచి పోషిస్తుంది అన్నది ఆ పిల్లకు తన కాగితం మీదే కనబడాలి. మూడో వారం నుంచి మెట్లు. సున్నా నుంచి పది వరకు భయానికి మార్కులు వేయించి, మూడు మార్కుల పనితో మొదలుపెడతారు. కౌన్సిలర్ ఒక్కరి ముందు ఒక పేరా చదవడం, తర్వాత ఒక స్నేహితురాలి ముందు, తర్వాత ఎనిమిది మంది ముందు. ఆ తర్వాత తరగతిలో జవాబు తెలిసిన ప్రశ్నకు తానే చెయ్యెత్తడం, చివరికి కావాలనే ఒక మాట తప్పు చదివి ఏమవుతుందో చూడడం. ప్రతి మెట్టుకు ముందు 'ఏం జరుగుతుందనుకున్నాను', తర్వాత 'ఏం జరిగింది' అని రెండు వాక్యాలు రాస్తుంది. ఆరో వారం పాఠాలు ఆగాక ఏ మెట్టు తానే ఎక్కాలో రాసుకోవడంతో ముగుస్తుంది.

బడి కార్యక్రమాలు బెడిసికొట్టేది ఎక్కువగా ఈ మూడో వారం దగ్గరే. పిల్ల కంగారుపడుతుంటే చూడడం పెద్దవాళ్లకు కష్టం, అందుకని మెట్లు ఎక్కించకుండా విశ్రాంతి వ్యాయామాలతోనూ మంచి మాటలతోనూ పీరియడ్ నింపేస్తారు. హాజరు పట్టికలో ఆరు పీరియడ్లూ జరిగినట్టే ఉంటుంది. అందువల్ల ప్రణాళికలో 'ఎన్ని పాఠాలు జరిగాయి' అన్నది కాదు, 'ఒక్కో పిల్ల ఎన్ని మెట్లు నిజంగా ఎక్కింది' అన్నది లెక్కపెట్టాలి. పీరియడ్ల శబ్దాన్ని అనుమతితో రికార్డు చేసి, అందులో కొన్నిటిని లాటరీ తీసి, బయటి నిపుణులు విని మార్కులు వేయాలి. చికిత్స విఫలమైందా, చికిత్స ఇవ్వనే లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

పాఠం ఎవరు చెప్పాలన్న దానిపై మన దగ్గర విధానం ఒకవైపు, ఆధారాలు ఇంకోవైపు ఉన్నాయి. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దాలంటుంది. ఉన్న మనిషితో, అదనపు జీతం లేకుండా పని జరుగుతుందన్న ఆశ అందులో ఉంది. బిహార్‌లో 74 బడుల్లో జరిగిన సెహర్ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. అది సీబీటీ కాదు, బడి వాతావరణం మార్చే కార్యక్రమం. అదే కార్యక్రమాన్ని బయటి కౌన్సిలర్ నడిపిన బడుల్లో మార్పు కనిపించింది, ఉపాధ్యాయుడు నడిపిన బడుల్లో కనిపించలేదు. ఇంగ్లండులో ఫ్రెండ్స్ అనే సీబీటీ పాఠాలను ప్రాథమిక పాఠశాలల్లో పరీక్షించి 2014లో ప్రకటించారు. ఏడాది తర్వాత చూస్తే ఆరోగ్య సిబ్బంది చెప్పిన చోట ఆందోళన తగ్గింది, బడి సిబ్బంది చెప్పిన చోట ఆ లాభం కనబడలేదు. ఇది ఉపాధ్యాయుల చిత్తశుద్ధి మీద తీర్పు కాదు. సిలబస్, యూనిట్ పరీక్షలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల పనుల మధ్య వాళ్లకు సమయం లేదు. పైగా మార్కులు వేసే మనిషి ముందు తన భయాన్ని విప్పడం ఏ పిల్లకైనా కష్టమే. మొదటి పరీక్షలో కౌన్సిలర్లే ఉండాలి. అక్కడ లాభం తేలాక, అదే పని ఉపాధ్యాయుడు చేస్తే ఎంత మిగులుతుందన్నది రెండో పరీక్ష. రెండిటినీ ఒకేసారి అడిగితే ఫలితం రానప్పుడు తప్పు చికిత్సదా, మనిషిదా అని ఎప్పటికీ తెలియదు.

మొత్తం తరగతికే పాఠం చెప్పేస్తే ఎవరి మీదా ముద్ర పడదు కదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. బ్రిటన్‌లో 85 బడుల్లో తరగతులకు తరగతులకే మైండ్‌ఫుల్‌నెస్ నేర్పి చూసిన మిరియడ్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి, లాభం కనిపించలేదు. ఆస్ట్రేలియాలో తరగతి మొత్తానికీ భావోద్వేగాల మీద పాఠాలు చెప్పిన ఒక అధ్యయనంలో కొన్ని కొలతల్లో పిల్లల పరిస్థితి పోలిక గుంపు కన్నా కాస్త దిగజారింది. తమలో లేని బాధను వెతుక్కోమని చెప్పడం హాని చేయదని ముందే అనుకోవడానికి లేదు. ముద్ర భయానికి ఇంకో విరుగుడు ఉంది. ఇంగ్లండులో 2024లో ప్రకటించిన బెస్ట్ పరీక్షలో పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు తమంతట తామే పేరు ఇచ్చుకుని ఒక రోజు సీబీటీ వర్క్‌షాపుకు వచ్చారు. కుంగుబాటు చిన్నమేరకే అయినా తగ్గింది. ఇక్కడ కూడా 'ఒత్తిడిని తట్టుకునే తరగతి' అని ప్రకటించి, ఇష్టమున్నవాళ్లను ప్రశ్నావళికి పిలవవచ్చు. పోలిక గుంపుకూ పాఠాలు ఉంటాయి కాబట్టి ఎవరు ఏ గుంపో బయటివాళ్లకు తెలియదు.

ప్రశ్నావళి దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఒక రోజు మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లలను ఏరుకుంటే, వాళ్లలో కొందరికి ఆ రోజు బాగోలేదంతే. నెల తర్వాత కొలిస్తే ఏ చికిత్సా లేకుండానే సగటు తగ్గుతుంది. పోలిక గుంపు లేని చిన్న ప్రయోగాలు ఇంత మెరుగుదల తెచ్చామని చూపించుకునే సంఖ్యల్లో పెద్ద వాటా దీనిదే. రెండు వారాల ఎడంతో రెండుసార్లు కొలిచి, రెండుసార్లూ గీత దాటినవాళ్లనే తీసుకోవాలి. దీనికి తగ్గట్టు సంఖ్య పెరుగుతుంది. ఐదుగురిలో ఒకరు మొదటిసారి గీత దాటి, వాళ్లలో మూడింట రెండు వంతులు రెండోసారీ దాటి, వాళ్లలో నూటికి డెబ్బై ఇళ్ల నుంచి అనుమతి వస్తే, 560 మంది కోసం సుమారు ఆరు వేల మందిని అడగాలి. ఇవి ముందస్తు అంచనాలు మాత్రమే. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో పన్నెండు రాష్ట్రాలు తిరిగి, పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని చెప్పింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. కాబట్టి రెండు బడుల్లో ముందు చిన్న కొలత వేసి, ఆ తర్వాతే సంఖ్య ఖాయం చేయాలి. ఎనిమిది, తొమ్మిది తరగతులు కలిసి రెండు వందల మంది ఉన్న బడిలో మొదటి ఏడు రెండు వందలు, రెండో ఏడు కొత్తగా వచ్చిన ఎనిమిదో తరగతి వంద. అంటే ఇరవై బడుల్లో రెండేళ్లు పడుతుంది. మండలాలు చాలకపోతే కీసర, ఘట్‌కేసర్ వైపు వెళ్లక తప్పదు.

కొలతగా ఏది వాడాలన్నది సాంకేతిక విషయంలా కనబడుతుంది గానీ ఫలితాన్ని తారుమారు చేసేది అదే. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో సంగత్ సంస్థ సుమారు 250 మంది విద్యార్థులతో జరిపిన పరీక్ష 2020లో వెలువడింది. కౌన్సిలర్ సాయంతో మూడు వారాల సమస్యా పరిష్కార పాఠాలు ఒక గుంపుకు, అవే విషయాలున్న చిన్న పుస్తకాలు మాత్రం రెండో గుంపుకు ఇచ్చారు. ఆరు వారాల తర్వాత, పిల్లలు తామే పేర్కొన్న ముఖ్య సమస్యలు చికిత్స గుంపులో ఎక్కువ తగ్గాయి. ఇరవై ఐదు ప్రశ్నల సాధారణ కొలతలో మాత్రం తేడా రాలేదు. రెండూ నిజమే. కానీ తాను కౌన్సిలర్‌తో మాట్లాడిన సమస్య గురించే పిల్లను అడిగితే, సాయం చేసినవాళ్లను నొప్పించకూడదన్న మర్యాద జవాబులోకి చొరబడుతుంది. మన పిల్లల్లో ఆ మర్యాద బలంగానే ఉంటుంది. అందుకని ప్రధాన కొలతగా ఆర్‌క్యాడ్స్ చిన్న రూపంలోని పదిహేను ఆందోళన ప్రశ్నలు తీసుకుని, దాన్ని ఏ గుంపో తెలియని కొత్త మనిషి వచ్చి నింపించాలి. పక్కన బడి హాజరును కూడా చూడాలి. హాజరు పట్టీకి మొహమాటం ఉండదు.

ఎప్పుడు కొలవాలన్నదీ అంతే ముఖ్యం. జూన్‌లో బడి తెరిచాక రెండుసార్లు ప్రశ్నావళి, అనుమతులు అయ్యేసరికి జూలై అయిపోతుంది. పాఠాలు ఆగస్టు, సెప్టెంబరుల్లో ముగియకపోతే బతుకమ్మ, దసరా సెలవులు మధ్యలో పడి మెట్ల వరుస తెగిపోతుంది. పదో తరగతిని మొదటి నుంచీ వదిలేయడం మంచిది, వాళ్ల సాయంత్రాలన్నీ ప్రత్యేక తరగతులకు పోతాయి. ప్రధాన కొలత పాఠాలు ముగిసిన వెంటనే కాకుండా జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక వేయాలి. అప్పటికి కౌన్సిలర్ రావడం ఆగి మూడు నెలలు దాటుతుంది, మనిషి ఇచ్చిన ఊరట పోయి నేర్చుకున్నదే మిగులుతుంది. ఈ ఎదురుచూపులో పిల్లలు చేజారే ప్రమాదం ఉంది. మేడ్చల్ పారిశ్రామికవాడకూ, శామీర్‌పేట చుట్టూ కట్టే ఇళ్లకూ పనికి వచ్చిన కుటుంబాలు మధ్యలోనే ఊరు మారతాయి. అయినా ఇక్కడ కుటుంబాలను ఏళ్ల తరబడి వెంట ఉండి చూడవచ్చని రుజువుంది. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య కళాశాలతో కలిసి పనిచేసే షేర్ ఇండియా, 2009లో మొదలైన లైఫ్ అధ్యయనంలో మేడ్చల్ మండలంలోని గ్రామాల స్త్రీలను గర్భం దాల్చకముందు నుంచో తొలి నెలల నుంచో గమనిస్తూ వచ్చింది. ఆ కాన్పుల్లో పుట్టిన పిల్లలే ఇప్పుడు ఈ తరగతుల వయసుకు వచ్చారు.

భద్రత విషయంలో రాజీకి తావులేదు. ప్రశ్నావళిలో చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే, జవాబును అదే రోజు చదివే మనిషి ఉండాలి. కాగితాలు శనివారం దాకా సంచిలో ఉండిపోయే పద్ధతిలో ఆ ప్రశ్న అడగడమే తప్పు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత ఈ రాష్ట్రం ఎంతమంది పిల్లలను పోగొట్టుకుందో తెలిసినవాళ్లెవరూ దీన్ని లాంఛనం అనుకోలేరు. అలాంటి జవాబు వస్తే ఆ పిల్లను లాటరీలోకి తీసుకోకుండా, అదే రోజు ఇంట్లోవాళ్లతో మాట్లాడి, మానసిక వైద్యుడి దగ్గరికి తోడుండి తీసుకెళ్లాలి. టెలిమానస్ నంబరు 14416 చేతిలో పెట్టడం అదనపు సాయమే తప్ప దానికి బదులు కాదు. తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్ల సమ్మతి కూడా రాతలో ఉండాలి. చెప్పిన మాట బయటికి పోదని హామీ ఇచ్చేటప్పుడే దాని హద్దు కూడా చెప్పాలి, ఎందుకంటే లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. ఆ హద్దు చెప్పకుండా నమ్మకం సంపాదించి తర్వాత మాట తప్పితే, ఆ పిల్ల మరో పెద్దమనిషికి ఇక నోరు విప్పదు.

మొదటి పిల్ల చేరకముందే ఇవన్నీ జాతీయ క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదవ్వాలి. ప్రధాన కొలత ఒక్కటే, సమయం ఒక్కటే, లాటరీలో ఏ గుంపులో పడితే ఆ గుంపులోనే లెక్క, పాఠాలకు రాకపోయినా సరే. దానితో పాటు ఇప్పటి ప్రణాళికల్లో అరుదుగా కనిపించే ఒక వాక్యం కూడా రాయాలి. చదువు మెళకువల గుంపు కన్నా సీబీటీ గుంపు మెరుగుదల ఎంత ఉంటే ఈ పాఠాలను మిగతా మండలాలకు తీసుకెళ్లమని సిఫారసు చేస్తాం, ఎంతకు తగ్గితే చేయం అన్న ఆ సంఖ్యను జిల్లా విద్యాధికారి, వైద్యులు, తల్లిదండ్రుల ప్రతినిధులు కలిసి ఫలితాలు రాకముందే ఒప్పుకుని సంతకం చేయాలి. ఫలితం చూశాక కూర్చుంటే, ఎంత చిన్న తేడాకైనా ఒక కారణం దొరికిపోతుంది.